చిప్ప జారే కాలు, నొప్పి పెట్టే కాలు: రెండింటికీ ఒకే వైద్యమా?

"డాక్టర్ గారికి నమస్కారం. నాకు ఇరవై ఏళ్లు. మాది చిత్తూరు దగ్గర పల్లె. తిరుపతిలో హాస్టల్లో ఉండి డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. పదో తరగతిలో ఖోఖో ఆడుతూ గబుక్కున తిరగబోతే కుడి మోకాలి చిప్ప పక్కకి జారింది. కాలు చాచగానే తనంతట తనే సర్దుకుంది. ఇంట్లోవాళ్లు పుత్తూరు కట్టు కట్టించారు, నెల రోజులు కాలు కదపలేదు. రెండు నెలల కింద హాస్టల్ మెట్ల మలుపులో ఎవరో పిలిస్తే వెనక్కి తిరిగాను, మళ్లీ జారింది. ఈసారి మోకాలు బాగా వాచింది. ఎమ్మారై తీయిస్తే ఎంపీఎఫ్ఎల్ తెగింది, ట్రోక్లియర్ డిస్‌ప్లేసియా టైప్ ఎ, టీటీ-టీజీ 17 మిల్లీమీటర్లు, కేటన్-డెషాంప్ ఇండెక్స్ 1.3, లూజ్ బాడీ లేదు అని రాశారు. ఒక సర్జన్ కొత్త లిగమెంట్ వేసి, కింద ఎముక కూడా జరపాలి, ఆలస్యం చేయొద్దు అన్నారు. ఫిజియోథెరపిస్టు ఎక్సర్‌సైజులు చాలు అన్నారు. రెండు వారాలు కరెంటు పెట్టించుకున్నాను, వేడి కాపడం పెట్టారు, ఏమీ తేడా లేదు. దీనికి తోడు ఏడాదిగా ఎడమ మోకాలు ముందు భాగంలో నొప్పి. అది ఎప్పుడూ జారలేదు. మెట్లు దిగేటప్పుడు, క్లాసులో చాలాసేపు కూర్చుంటే పీకుతుంది. దానికీ స్కాన్ తీసి కొండ్రోమలేషియా గ్రేడ్ 1 అన్నారు. రెండు కాళ్లకీ ఆపరేషన్ చేయాలేమోనని నిద్ర పట్టడం లేదు. అవ్వ మళ్లీ కట్టు కట్టిద్దాం అంటోంది. అత్త, సంబంధాలు చూస్తున్నాం, ఇప్పుడు కోతలేంటి అంటోంది. అమ్మేమో నేను అలిపిరి మెట్లెక్కుతానని మొక్కుకుంది. ఏం చేయమంటారు?"

అమ్మా, ముందుగా మీ రెండు మోకాళ్లనూ విడదీసి చూద్దాం. మీ టెన్షన్‌లో సగం ఆ రెండూ కలిసిపోవడం వల్ల వచ్చిందే. కుడి మోకాలిది చిప్ప తన చోటు తప్పే సమస్య. ఎడమ మోకాలిది చిప్ప వెనక ఒత్తిడి వల్ల వచ్చే నొప్పి. రెండూ చిప్పకు సంబంధించినవే, మెట్లు దిగేటప్పుడు రెండూ బాధ పెడతాయి, స్కాన్‌లో రెండింటికీ పెద్ద పెద్ద పేర్లు ఉంటాయి. కానీ ఆపరేషన్ అన్న మాట మొదటిదానికే వర్తిస్తుంది. చిప్ప ఎప్పుడూ జారని, జారుతుందన్న భయం కూడా లేని మోకాలికి కేవలం నొప్పి ఉందని చిప్ప సర్జరీ చేయరు. చేస్తే నొప్పి మిగిలిపోవడమో, కొత్త ఇబ్బంది రావడమో ఎక్కువ. కాబట్టి ఎడమ కాలి ఆపరేషన్ గురించిన దిగులు ఇప్పుడే పక్కన పెట్టండి. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఇక కుడి మోకాలు. తొడ ఎముక కింది చివర, ముందు వైపు ఒక గాడి ఉంటుంది. మోకాలు మడిచినప్పుడు చిప్ప ఆ గాడిలో దిగి, పైకీ కిందికీ నడుస్తుంది. బావి గిలక మీద తాడు నడిచినట్టే: గాడి లోతుగా ఉంటే తాడు పక్కకి పోదు. అయితే కాలు పూర్తిగా చాపినప్పుడు చిప్ప ఇంకా గాడిలోకి దిగి ఉండదు, దాని పైన ఉంటుంది. మోకాలు ఇరవై, ముప్పై డిగ్రీలు మడిచేదాకా దాన్ని బయటి వైపుకు పోకుండా పట్టుకునేది ప్రధానంగా లోపలి వైపున్న ఒక పలచటి లిగమెంట్. మీ రిపోర్టులో ఎంపీఎఫ్ఎల్ అని రాసింది దాన్నే. అంతకంటే ఎక్కువ మడిస్తే గాడి గోడలే ఆ పని చూసుకుంటాయి. అందుకే మీకు రెండుసార్లూ ఒకే రకంగా జరిగింది. పాదం నేల మీద నిలిచి ఉంది, మోకాలు కొద్దిగా మాత్రమే మడిచి ఉంది, ఒళ్లు పక్కకి తిరిగింది. చిప్పకు గాడి అండ లేని క్షణం అదే. జారినప్పుడు ఈ లిగమెంట్ దాదాపు ప్రతి ఒక్కరిలోనూ ఎంతో కొంత చిరుగుతుంది. తర్వాత అతుక్కుంటుంది కానీ తరచుగా సాగిపోయి, వదులుగా అతుక్కుంటుంది.

ఇప్పుడు రిపోర్టులోని మిగతా మాటలు. డిస్‌ప్లేసియా టైప్ ఎ అంటే మీ గాడి పుట్టుకతోనే కాస్త లోతు తక్కువ. ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో డెజూర్ అనే సర్జన్, ఆయన బృందం ఈ గాడి ఆకారాలను ఎ నుంచి డి దాకా నాలుగు రకాలుగా విభజించారు. ఎ అన్నింటికంటే తేలికది. గాడి పూర్తిగా చదునైపోయి, పైభాగంలో ఎముక బుడిపె కూడా ఉండే బి, డి రకాల్లో కొన్నిసార్లు గాడినే లోతు చేసే పెద్ద ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. మీకు ఆ అవసరం లేదు.

కేటన్-డెషాంప్ ఇండెక్స్ చిప్ప ఎంత ఎత్తులో ఉందో చెబుతుంది. 1.2 దాటితే చిప్ప ఎత్తుగా ఉన్నట్టు. ఎత్తుగా ఉన్న చిప్ప గాడిలోకి ఆలస్యంగా దిగుతుంది. అంటే అండ లేకుండా లిగమెంట్ మీదే ఆధారపడే సమయం పెరుగుతుంది. మీది 1.3, కొంచెం ఎత్తు. టీటీ-టీజీ అంటే గాడి నడుమకూ, కింద కాలి ఎముక మీద చిప్ప నరం అతుక్కునే బుడిపెకూ మధ్య అడ్డంగా ఉన్న దూరం. ఇక్కడివాళ్లు నరం అనే మాటనే వాడతారు కాబట్టి నేనూ అలాగే రాస్తున్నాను, అది నిజానికి టెండన్. ఆ దూరం ఎక్కువైతే తొడ కండరం బిగిసిన ప్రతిసారీ చిప్ప బయటి వైపుకు లాగబడుతుంది. సీటీ స్కాన్‌లో 20 మిల్లీమీటర్లు దాటితే ఎముక జరపడం గురించి ఆలోచిస్తారు. మీది 17. అయితే ఒక చిక్కుంది. ఎమ్మారైలో ఈ కొలత సీటీ కంటే కొన్ని మిల్లీమీటర్లు తక్కువగా వస్తుంది, మోకాలు ఏ కోణంలో పెట్టి తీశారన్న దాన్నిబట్టి కూడా మారుతుంది. కాబట్టి మీ 17ను నిశ్చింతగా బాగుందనీ అనలేం, జరపాల్సిందేననీ అనలేం. ఇది సరిహద్దు మీద ఉన్న సంఖ్య.

రిపోర్టులో లేనివి కూడా రెండు ఉన్నాయి, డాక్టర్ చేత్తో చూసి చెప్పాల్సినవి. మీ కీళ్లు మామూలు కంటే వదులుగా ఉన్నాయా? బొటనవేలు వెనక్కి వంచితే ముంజేతికి తగులుతుందా, మోచేయి, మోకాలు వెనక్కి వంగుతాయా అన్నది చూస్తారు. రెండోది, నిలబడితే రెండు చిప్పలూ ఒకదానికొకటి ఎదురుగా లోపలికి చూస్తున్నాయా అన్నది. అలా ఉంటే తొడ ఎముకలో మెలిక ఉండొచ్చు. ఈ రెండూ చూడకుండా ఆపరేషన్ తేదీ ఇచ్చారంటే, దయచేసి అడిగి చూపించుకోండి.

ఒక విషయం మీ గదిలోనే గమనించవచ్చు. మంచం అంచున కూర్చుని, కాళ్లు వేలాడదీసి, కుడి కాలిని మెల్లగా చాపండి. చిప్ప నేరుగా పైకి వస్తూ, చివరి కొద్ది దూరంలో గబుక్కున బయటికి ఎగిరినట్టు కనిపిస్తోందా? తిరగేసిన ఇంగ్లిష్ జె అక్షరం లాంటి దారి అది. బాగా స్పష్టంగా కనిపిస్తే ఎముకల అమరిక పాత్ర ఎక్కువని అర్థం. ఫోన్‌లో వీడియో తీసి డాక్టర్‌కు చూపండి. చిప్పను వేలితో పక్కకి నెట్టి చూసే పని మాత్రం మీరు చేయకండి, ఇంకొకరితో చేయించుకోకండి.

మళ్లీ జారుతుందా అన్నదే కదా అసలు ప్రశ్న. మొదటిసారి జారినవాళ్లలో సుమారు మూడో వంతు మందికి మళ్లీ జారుతుంది. రెండుసార్లు జారాక ఆ అవకాశం దాదాపు సగానికి చేరుతుంది. చిన్న వయసు, లోతులేని గాడి, ఎత్తుగా ఉన్న చిప్ప ఉంటే ఇంకా పెరుగుతుంది. మీలో ఇవి కొంత కొంత ఉన్నాయి. కాబట్టి ఎక్సర్‌సైజులు చేస్తే ఇంకెప్పుడూ జారదని మీకు ఎవరైనా చెబితే అది నిజం కాదు. ఇప్పుడే కోయకపోతే కాలు పాడైపోతుందన్నా అదీ నిజం కాదు. జారిన ప్రతిసారీ చిప్ప వెనక నున్నటి పొర దెబ్బతినే ప్రమాదం ఉన్నది వాస్తవమే. కానీ మీ స్కాన్‌లో విరిగి తేలుతున్న ముక్క లేదు. అది ఉండి ఉంటే, మోకాలు మధ్యలో పట్టేసి కదలకుండా పోతూ ఉంటే, నేను ఇంత నింపాదిగా రాసేవాణ్ని కాదు, వెంటనే సర్జన్ దగ్గరికి వెళ్లమనేవాణ్ని. మీకు ఆలోచించుకునే వ్యవధి ఉంది.

మీ ముందున్న మొదటి దారి, సరైన రీహాబ్. రెండు వారాలు కరెంటు, వేడి కాపడం తీసుకున్నారు కదా, దాన్ని లెక్కలో వేయొద్దు. కరెంటు నొప్పిని కొద్దిసేపు తగ్గించవచ్చు, కానీ కండరాన్ని పెంచదు. మీ కాలికి ఎక్సర్‌సైజుల వైద్యం ఇంకా మొదలే కాలేదు. కనీసం మూడు నెలలు, నెలనెలా బరువు పెంచుకుంటూ చేస్తేనే అది పని చేసిందో లేదో తేలుతుంది.

మొదటి రెండు మూడు వారాల లక్ష్యం తొడ ముందు కండరాన్ని నిద్ర లేపడం. మోకాలు వాచినప్పుడు ఆ కండరం తనంతట తాను మూసుకుపోతుంది. అందుకే నడుస్తుంటే కాలు వదిలేసినట్టు అనిపిస్తుంది. నేల మీద కూర్చుని, మోకాలి కింద చుట్టిన టవల్ పెట్టి, దాన్ని కిందికి నొక్కి అయిదు సెకన్లు పట్టి వదలాలి. పది పదిహేనుసార్లు, రోజుకు మూడు విడతలు. తర్వాత కాలు చాచి నేల నుంచి పైకెత్తాలి. ఎత్తేటప్పుడు మోకాలు కొంచెమైనా వంగిపోతోందంటే కండరం ఇంకా సిద్ధంగా లేదని గుర్తు, నిలబడి చేసేవి అప్పుడే మొదలుపెట్టొద్దు. వంగకుండా ఎత్తగలిగాక గోడకు ఆనుకుని మోకాళ్లు కొద్దిగా, అంటే నలభై అయిదు డిగ్రీలకు మించకుండా మడిచి లేవడం, పక్కకి పడుకుని పై కాలిని ఎత్తడం, వీపు మీద పడుకుని నడుము లేపడం. చివరి రెండూ తుంటి కండరాల కోసం. తుంటి బలహీనంగా ఉంటే ఒంటి కాలి మీద బరువు పడగానే తొడ లోపలికి తిరిగిపోతుంది. అలా తిరిగినప్పుడు గాడి చిప్ప కిందనుంచి పక్కకి తప్పుకుంటుంది. చూసేవాళ్లకు చిప్ప జారినట్టు కనిపిస్తుంది కానీ కదిలింది కింద ఉన్న తొడే. లోపలి వైపు కండరాన్ని మాత్రమే విడిగా పెంచే ఎక్సర్‌సైజు అని ఎవరైనా చెబితే దాని కోసం తాపత్రయపడకండి, తొడ మొత్తం బలపడితే అదీ బలపడుతుంది.

దీన్ని పరీక్షించడానికి ఇంట్లో ఉన్న పీట చాలు. ఆరేడు అంగుళాల ఎత్తున్న గట్టి పీట మీద కుడి కాలితో నిలబడి, చేతికి అందేలా గోడ ఉంచుకుని, ఎడమ మడమను మెల్లగా నేలకు తాకించి మళ్లీ పైకి రావాలి. ఎదురుగా ఎవరినైనా ఫోన్‌లో తీయమనండి. కుడి మోకాలు రెండో వేలి మీదుగా నేరుగా ముందుకు వెళ్తోందా, లోపలికి ఒరుగుతోందా? ఎడమ వైపు నడుము కిందికి జారుతోందా? నిలబడి చేసేవి మొదలుపెట్టిన మొదటి వారం వీడియో, ఎనిమిదో వారం వీడియో పక్కపక్కన పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది. చిప్ప పై అంచు నుంచి పది సెంటీమీటర్లు పైన టేపు పెట్టి రెండు తొడల చుట్టుకొలత రాసుకోండి. తేడా తగ్గుతూ రావాలి. ఎక్సర్‌సైజు చేస్తున్నప్పుడు నొప్పి పదికి మూడు దాటకూడదు, మర్నాడు పొద్దునకల్లా మామూలైపోవాలి. వాపు పెరిగితే ఒక మెట్టు వెనక్కి వెళ్లాలి.

మూడు నెలల తర్వాత మీకు మీరు అడగాల్సినవి ఇవి. ఒంటి కాలితో గెంతే దూరం ఎడమ కాలి దూరంలో తొంభై శాతానికి వచ్చిందా? మెట్ల మలుపులో తిరిగేటప్పుడు చిప్ప పోతుందేమోనని ఇంకా చేయి దాని మీదకు వెళ్తోందా? మొదటిదానికి అవును, రెండోదానికి కాదు అని జవాబు వస్తే ఆపరేషన్ లేకుండా ముందుకు పోవచ్చు. కండరం బాగా వచ్చినా భయం పోలేదంటే అది మనసు బలహీనత కాదు. పట్టుకునే తాడు నిజంగానే వదులుగా ఉందని మోకాలు చెబుతున్న మాట అది. అప్పుడు రెండో దారి చూడాలి. మూడోసారి జారినా అంతే.

రెండో దారి, తెగిన లిగమెంట్ స్థానంలో కొత్తది వేయడం. సాధారణంగా మీ తొడ వెనక నుంచి ఒక సన్నటి టెండన్ తీసి, చిప్ప లోపలి అంచుకూ తొడ ఎముక లోపలి వైపుకూ కట్టేస్తారు. వినడానికి తేలిక, కానీ మొత్తం విద్య తొడ ఎముక మీద ఆ టెండన్ ఎక్కడ పట్టించారన్న దానిలో ఉంటుంది. కొన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ అయితే మోకాలు మడిచినప్పుడు కొత్త లిగమెంట్ బిగుసుకుపోయి చిప్పను లోపలికి నొక్కుతుంది. జారడం ఆగుతుంది, కానీ నొప్పి, మడత రాకపోవడం మొదలవుతాయి. అందుకే సర్జన్లు ఆపరేషన్ బల్ల దగ్గరే ఎక్స్‌రే యంత్రంతో ఆ చోటును సరిచూసుకుంటారు. అలా చూస్తారా అని మీరు అడగడంలో తప్పేమీ లేదు. సరిగ్గా చేస్తే మళ్లీ జారేది వందలో అయిదుగురి చుట్టుపక్కల మాత్రమే. మిగతా ప్రమాదాల్లో కీలు బిగుసుకోవడం, ఇన్‌ఫెక్షన్, చిప్పకు వేసిన రంధ్రం దగ్గర విరగడం ఉన్నాయి. తరచుగా జరిగేవి కావు, కానీ జరుగుతాయి.

మీ సర్జన్ దీనితో పాటు కింద ఎముక బుడిపెను కోసి, లోపలికో కిందికో జరిపి, స్క్రూలు వేస్తామన్నారు. నేను ఆగి ఆలోచించమనేది ఇక్కడే. లిగమెంట్ ఒక్కటే అయితే బ్రేస్, చేతికర్రలతో కొద్ది రోజులకే బరువు వేస్తారు. చాలామంది ఆరు వారాలకు ఆసరా లేకుండా నడుస్తారు, ఆటలకు ఆరు నుంచి తొమ్మిది నెలలు పడుతుంది. ఎముక కూడా జరిపితే అది అతుక్కునేదాకా ఆరు నుంచి ఎనిమిది వారాలు బరువు తగ్గించి నడవాలి. మోకాళ్ల మీద కూర్చుంటే స్క్రూలు గుచ్చుకుంటాయి, తర్వాత వాటిని తీయించుకోవాల్సి రావచ్చు. మీ కొలతలతో లిగమెంట్ ఒక్కటే చాలనే సర్జన్లు చాలామంది ఉంటారు, రెండూ కావాలనేవాళ్లూ ఉంటారు. వాళ్లెవరూ మోసం చేస్తున్నట్టు కాదు, సంఖ్యలే సరిహద్దులో ఉన్నాయి. మీ సర్జన్‌ను ఇలా అడగండి: "ఎముక జరపాలని 17 చూసి నిర్ణయించారా, 1.3 చూసా, లేక నా చిప్ప నడిచే దారి చూసా? సీటీలో మళ్లీ కొలిస్తే మీ నిర్ణయం మారుతుందా?" జవాబు స్పష్టంగా వస్తే ఆయన మీద నమ్మకం పెట్టొచ్చు. రెండో అభిప్రాయం కావాలంటే తిరుపతిలోనే ఎముకల వైద్యానికి టీటీడీ వారి బర్డ్ ఆసుపత్రి ఉంది. మీ ఊరి నుంచి వేలూరు సీఎంసీ కూడా దగ్గరే. స్కాన్ రిపోర్టు కాగితం కాకుండా ఫిల్ములు లేదా సీడీ తీసుకెళ్లండి, కొలతలు వాళ్లే మళ్లీ తీసుకుంటారు. బయటి వైపు పొరను మాత్రం చిన్న రంధ్రంతో కోసేస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. చిప్ప జారే సమస్యకు ఆ ఒక్కటీ చేస్తే చిప్ప మరింత వదులయ్యే అవకాశం ఉంది.

నన్నడిగితే, మీ పరిస్థితిలో ముందు మూడు నెలల రీహాబ్ గట్టిగా చేసి, అప్పుడు నిర్ణయించుకోవడమే మేలంటాను. చివరికి ఆపరేషన్ అయినా ఆ కష్టం వృథా పోదు, బలమైన తొడతో బల్ల ఎక్కినవాళ్లు త్వరగా లేస్తారు. అయితే రెండుసార్లు జారింది, లిగమెంట్ తెగింది కాబట్టి ఇప్పుడే లిగమెంట్ వేయించుకుంటానంటే అదీ తొందరపాటు అనను. మీ డిగ్రీ పరీక్షలు, ఇంట్లో ఆరు వారాలు చూసుకునే మనిషి, ఈ రెండూ ఆ నిర్ణయంలో లెక్కకు వస్తాయి. వాటిని మీకంటే బాగా నేను తూచలేను.

అవ్వ మాట మీద నాకు గౌరవం ఉంది. మన ప్రాంతంలో పుత్తూరు కట్టు మీద నమ్మకం తరాల నాటిది. కానీ మీ కాలికి కావాల్సింది కట్టు ఇవ్వలేదు. వారాల తరబడి కాలు చాపి కట్టేస్తే తొడ కండరం రోజుల్లోనే కరగడం మొదలవుతుంది. లోతులేని గాడి కట్టు వల్ల లోతు కాదు, సాగిన లిగమెంట్ పొట్టి కాదు. పదో తరగతిలో నెల రోజులు కాలు కదపలేదన్నారు, ఆ తర్వాత తొడను తిరిగి పెంచే పని ఎవరూ చేయించలేదు. నా అంచనాలో ఆ లోటు ఇప్పటికీ మీ కుడి తొడలో ఉంది. టేపు పెట్టి చూస్తే బహుశా తెలుస్తుంది. ఇదే మాట ఆసుపత్రిలో వేసే పొడవాటి కట్టుకూ వర్తిస్తుంది.

మీ అత్త భయానికి సంబంధించి: లిగమెంట్ ఆపరేషన్ గాట్లు మోకాలి పక్కన చిన్నవిగా ఉంటాయి. మడత మామూలుగా వస్తే మూడు నాలుగు నెలలకు చాలామంది బాసింపట్టు వేసుకుని నేల మీద కూర్చోగలుగుతారు. పెళ్లి పీటల మీద చిప్ప జారడం కంటే అది మంచిదే కదా. మీకు సంబంధం కుదిరితే తేదీకి ముందు ఆరు నెలలు చేతిలో ఉంచుకోండి, ఆపరేషన్ కోసమైనా రీహాబ్ కోసమైనా.

ఇప్పుడు ఎడమ మోకాలు. కొండ్రోమలేషియా గ్రేడ్ 1 అంటే చిప్ప వెనక నున్నటి పొర కాస్త మెత్తబడిందని. అరిగిపోయిందని కాదు. నొప్పి ఏమీ లేనివాళ్ల స్కాన్లలో కూడా ఇది కనిపిస్తుంది. నొప్పి ఎక్కడి నుంచి వస్తుందంటే, చిప్ప మీద పడే బరువు దాని ఓర్పును దాటడం వల్ల. చదునైన నేల మీద నడిచేటప్పుడు చిప్ప వెనక పడే ఒత్తిడి మన ఒంటి బరువులో సుమారు సగం. మెట్ల దగ్గర మూడు రెట్లు దాటుతుంది. గొంతుకూర్చుంటే ఏడు రెట్ల దాకా పోతుంది. కుడి కాలికి భయపడి మీరు ఏడాదిగా ప్రతి మెట్టూ ఎడమ కాలి మీదే దిగి ఉంటారు. దానికి మందు విశ్రాంతి కాదు. నొప్పి పెట్టే పనులను కొన్ని వారాలు తగ్గించి, పైన చెప్పిన తుంటి, తొడ ఎక్సర్‌సైజులే ఈ కాలికీ చేయడం. క్లాసులో అరగంటకోసారి కాలు చాచండి. చిప్పకు అంటించే టేపు మొదటి వారాల్లో నొప్పి తగ్గిస్తే వాడుకోండి, దాని మీదే ఆధారపడొద్దు. మోకాలిలో ఇంజెక్షన్లు, కీళ్ల బలానికని అమ్మే మాత్రలు ఈ నొప్పికి అక్కర్లేదు. ఆరు నుంచి పన్నెండు వారాల్లో తేడా కనిపించాలి. రాత్రిపూట నిద్ర లేపే నొప్పి, జ్వరంతో వాపు ఉంటే అది వేరే సంగతి, వెంటనే చూపించుకోండి.

అమ్మ మొక్కు గురించి. అలిపిరి దారిలో 3550 మెట్లు. ఈ మూడు నెలల్లో వద్దు. తర్వాత పీట పరీక్షలో కుడి మోకాలు నిలకడగా ఉంటే, ముందు నాలుగైదు అంతస్తుల మెట్లు ఎక్కి మర్నాడు వాపు రాలేదని చూసుకుని బయల్దేరవచ్చు. ఎక్కడం కంటే దిగడం చిప్పకు కష్టం, కాబట్టి కొండ మీది నుంచి బస్సులోనే రండి. మోకాళ్ల పర్వతం దగ్గర చాలామంది భక్తులు మోకాళ్ల మీద ఎక్కుతారు. మీరు మాత్రం పాదాల మీదే ఎక్కండి, ముఖ్యంగా ఎముకకు స్క్రూలు వేయించుకుని ఉంటే. మలుపుల్లో ఎవరైనా పిలిస్తే నిలబడ్డ చోటే ఒంటిని తిప్పకుండా, పాదాలు ఎత్తి అడుగులు వేస్తూ తిరగడం ఇప్పటి నుంచే అలవాటు చేసుకోండి.

ఈలోగా మళ్లీ జారితే ఏం చేయాలో మీ రూమ్మేట్‌కు కూడా చెప్పి ఉంచండి. కూర్చోబెట్టి, ఒంటిని కాస్త ముందుకు వంచమనాలి. అలా వంచితే తొడ కండరం వదులవుతుంది. అప్పుడు మడమ పట్టుకుని కాలిని మెల్లగా చాపితే చాలావరకు చిప్ప తనే లోపలికి వస్తుంది. ఎవరూ కొట్టి, గుంజి పెట్టకూడదు. రాకపోతే కదపకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. లోపలికి వచ్చినా, గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట పెట్టి, రెండు రోజుల్లో ఎక్స్‌రే తీయించుకోండి. కొన్ని గంటల్లోనే మోకాలు బుడగలా వాచిందంటే లోపల రక్తం చేరినట్టు. అప్పుడు విరిగిన ముక్క ఏమైనా ఉందేమో చూడటానికి మళ్లీ ఎమ్మారై అవసరం పడుతుంది. ముక్క కనిపిస్తే మూడు నెలల లెక్క అక్కడితో ఆపి, సర్జన్‌ను కలవాలి.